నాలుగో యూనిట్ టెస్టులో ఎన్ని వస్తే డిస్టింక్షన్ వస్తుంది?

ప్రశ్న: మా పాప హనుమకొండలో ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదో తరగతి. మూడు యూనిట్ టెస్టులు, హాఫ్ ఇయర్లీ అయిపోయాయి. డిస్టింక్షన్ రావాలంటే నాలుగో యూనిట్ టెస్టులో ఎన్ని తెచ్చుకోవాలో లెక్కేస్తే నాకొకటి వస్తోంది, పాపకొకటి వస్తోంది. రోజూ ఇదే గొడవ. అసలు ఎలా లెక్కపెట్టాలి?

జవాబు:

యూనిట్ టెస్టుకు ఇన్ని అని ఒక్క అంకె ఎవరూ చెప్పలేరమ్మా. యాన్యువల్ ఇంకా రాయలేదు కదా. యాన్యువల్‌లో ఇన్ని వస్తాయనుకుంటే యూనిట్ టెస్టులో ఇన్ని కావాలి అని జంటగా చెప్పాలి తప్ప విడిగా చెప్పడానికి లేదు. మీ ఇద్దరికీ వేర్వేరు జవాబులు రావడానికి కారణం బహుశా ఇదే. ఇద్దరిలో ఒకరు యాన్యువల్‌ను మర్చిపోయి ఉంటారు, ఇంకొకరు అయిపోయిన పరీక్షలను మర్చిపోయి ఉంటారు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పోయినసారి సంక్రాంతి సెలవులు అయిపోయాక మా చెల్లె ఇంట్లో సరిగ్గా ఇదే పంచాయితీ నడిచింది. దాని బిడ్డ కూడా తొమ్మిదే. వంటింట్లో టేబుల్ మీద ఒక పక్క చిక్కుడుకాయలు, ఇంకో పక్క ప్రోగ్రెస్ కార్డు, మధ్యలో పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పెట్టుకుని తల్లీబిడ్డలు ఇద్దరూ రెండు రంగుల పెన్నులతో లెక్కలు వేస్తున్నారు. వాళ్ల అంకెలతోనే చెప్తాను, మీ పాప మార్కులు మీరు అందులో పెట్టుకోండి.

మ్యాథ్స్‌లో ఆ పిల్లకు మూడు యూనిట్ టెస్టుల్లో 25కు 14, 17, 16 వచ్చాయి. హాఫ్ ఇయర్లీలో 80కి 52.

చెల్లె ఏం చేసిందంటే అన్నిటినీ పర్సెంటేజీ చేసింది. 56, 68, 64, 65. కలిపితే 253. ఐదో పరీక్షతో సగటు 75 కావాలంటే మొత్తం 375 రావాలి, అంటే ఇంకా 122 శాతం. పెన్ను పక్కన పడేసి "నూటికి నూరు తెచ్చినా రాదే నీకు, ఇగ ఆశ వదులుకో" అన్నది. పిల్లేమో "మమ్మీ, 25లో 75 శాతమంటే 18.75. పందొమ్మిదొస్తే డిస్టింక్షనే, ఎందుకంత టెన్షన్?" అన్నది. ఒకరికి 122 శాతం, ఇంకొకరికి 19 మార్కులు. అప్పుడు నన్ను పిలిచారు, "అక్కా, జర నువ్వన్న చెప్పు దీనికి" అని.

ఇద్దరి కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా లెక్క మొదలుపెట్టిన చోట ఉంది. చెల్లె 25 మార్కుల యూనిట్ టెస్టుకూ 80 మార్కుల హాఫ్ ఇయర్లీకీ సమానమైన బరువు ఇచ్చింది, పైగా ఏప్రిల్‌లో యాన్యువల్ అనేది ఒకటి ఉందన్న మాటే ఎత్తలేదు. పిల్ల ఆ ఒక్క టెస్టునే చూసుకుంది, అంతకుముందు వచ్చిన 14ను కార్డులోంచి తుడిచేసినట్టు.

నేను మొదట అడిగింది మార్కులు కాదు, స్కూల్ డైరీ. చాలా ప్రైవేట్ స్కూళ్లలో డైరీ మొదటి పేజీల్లోనో, ప్రోగ్రెస్ కార్డు వెనకో దేన్ని ఎంతకు కుదించి కలుపుతారో రాసి ఉంటుంది. తల్లిదండ్రులు దాని మీద సంతకం పెడతారు కానీ చదవరు. వీళ్ల స్కూల్లో ఇలా ఉంది: నాలుగు యూనిట్ టెస్టులు కలిపి 100, దాన్ని 20కి కుదిస్తారు. హాఫ్ ఇయర్లీ 80ని 30కి, యాన్యువల్ 80ని 50కి. అలా ప్రతి సబ్జెక్టూ 100కు వస్తుంది. ఆరు సబ్జెక్టులు, 600. డిస్టింక్షన్‌కు 450 రావాలి, ఏ సబ్జెక్టులోనూ 60కి తగ్గొద్దు. మీ స్కూల్లో ఇవే అంకెలు ఉండాలని లేదు, ఒక్కో స్కూల్‌ది ఒక్కో పద్ధతి. అందుకే ముందు డైరీ తీయమంటున్నాను.

డైరీలో ఉన్నదాన్ని లెక్కగా రాస్తే ఒక్క లైనే. నాలుగు యూనిట్ టెస్టుల మార్కులు కలిపి 5తో భాగించాలి, హాఫ్ ఇయర్లీ మార్కును 30తో గుణించి 80తో భాగించాలి, యాన్యువల్ మార్కును 50తో గుణించి 80తో భాగించాలి, మూడూ కూడాలి. మీరు రాసుకున్న లైను సరైందో కాదో తెలుసుకోవడానికి అన్ని పరీక్షల్లో ఫుల్ మార్కులు వేసి చూడండి. ఇక్కడ 20, 30, 50 వచ్చి సరిగ్గా 100 అవుతుంది. మీకు 100 కాకుండా ఇంకేదైనా వస్తే ఎక్కడో ఒక పరీక్షను రెండుసార్లు కలిపారు, లేదా ఒకటి వదిలేశారు. చెల్లె లెక్క సగటు కాబట్టి 100 వచ్చేదే, కానీ యాన్యువల్ ఫుల్ మార్కులు వేయబోతే అందులో దానికి చోటే లేదని దొరికిపోయేది.

ఇప్పుడు మ్యాథ్స్ చూడండి. మూడు యూనిట్ టెస్టులు కలిపి 47. హాఫ్ ఇయర్లీ 52 అంటే కుదించాక 19.5. నాలుగో టెస్టులో పిల్ల కోరుకున్న 19 వచ్చిందే అనుకుందాం. మొత్తం 66, ఐదుతో భాగిస్తే 13.2. చేతిలో 32.7. 75కి ఇంకా 42.3 కావాలి, అది యాన్యువల్ నుంచే రావాలి. 42.3ని 80తో గుణించి 50తో భాగిస్తే 67.68, అంటే 80కి 68. హాఫ్ ఇయర్లీలో 52 తెచ్చుకున్న పిల్ల 68 తేవాలన్నమాట. "పందొమ్మిదొస్తే చాలు" అన్న మొహం కొంచెం చిన్నబోయింది.

మరి నాలుగో టెస్టులో 25కు 25 తెస్తే? అప్పుడు 72లో ఐదో వంతు 14.4, యాన్యువల్‌లో 66 కావాలి. సరిగ్గా చదవక 15 తెచ్చుకుంటే? 69 కావాలి. యూనిట్ టెస్టులో 15కూ 25కూ ఉన్న తేడా మొత్తం యాన్యువల్‌లో మూడు మార్కులకు సమానం! ఇక్కడ ఆ పిల్ల "అంతేనా పెద్దమ్మా?" అని ఇంకోసారి తనే లెక్క వేసింది. అంతే. యూనిట్ టెస్టులో ఒక మార్కు చివరి వందలో 0.2, యాన్యువల్‌లో ఒక మార్కు 0.625. దాదాపు మూడు యూనిట్ టెస్టు మార్కులు ఒక యాన్యువల్ మార్కు. మీ స్కూల్ అంకెలతో ఈ రెండూ ఎంతెంతో ముందు కట్టుకోండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. ఒక్క యూనిట్ టెస్టు కోసం ఇల్లంతా వారం రోజులు టీవీ బంద్ పెట్టాలా వద్దా అన్నది అప్పుడు మీరే చెప్పగలరు.

ఇంతవరకు ఒక్క సబ్జెక్టు. కానీ ఈ స్కూల్ అడుగుతున్నది మ్యాథ్స్‌లో 75 కాదు, మొత్తం మీద 450. తల్లీబిడ్డలు ఇద్దరూ చూడనిది ఇదే. చెల్లె చూపంతా తక్కువ వచ్చిన సబ్జెక్టు మీదే ఉంది, మనందరం అంతే, కార్డు చేతికి రాగానే కళ్లు ముందు తక్కువ అంకె మీద పడతాయి. నేను ఆరు సబ్జెక్టులూ వరుసగా రాయించాను. మూడు యూనిట్ టెస్టుల మొత్తం తెలుగు 64, హిందీ 59, ఇంగ్లిష్ 60, మ్యాథ్స్ 47, సైన్స్ 54, సోషల్ 61. కలిపితే 345, ఐదుతో భాగిస్తే 69. హాఫ్ ఇయర్లీలో అదే వరుసలో 66, 56, 62, 52, 52, 64. కలిపితే 352, కుదించాక 132.

అంటే ఇప్పటికే చేతిలో 201 ఉన్నాయి. ఎన్నింటికి? మూడు యూనిట్ టెస్టులకు 90, హాఫ్ ఇయర్లీకి 180, మొత్తం 270కి. అది 74.4 శాతం. డిస్టింక్షన్ గీతకు వెంట్రుకవాసి కింద ఉంది పిల్ల. 122 శాతం కావాలన్న తల్లి ఈ అంకెను చూసి చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపేసింది.

450లోంచి 201 తీసేస్తే 249. ఇవి మిగిలిన రెండు పరీక్షల నుంచి రావాలి. యూనిట్ టెస్టు గరిష్ఠంగా 30 ఇస్తుంది, యాన్యువల్ 300. ఇక్కడ జంట లెక్క వేయాలి. నాలుగో యూనిట్ టెస్టులో ఆరు సబ్జెక్టులకూ సగటున 18 వస్తే మొత్తం 108, యాన్యువల్‌లో 480కి 364 కావాలి. సగటున 20 వస్తే మొత్తం 120, యాన్యువల్‌లో 360. సగటున 23 వస్తే 138, యాన్యువల్‌లో 355. ఈ మూడు వరుసలే క్యాలెండర్ కాగితం మీద పెద్దగా రాసి ఫ్రిజ్‌కు అంటించారు. అడ్డదిడ్డంగా వేసిన మిగతా లెక్కలన్నీ కొట్టేయించాను.

మధ్య వరుస చూడండి. యాన్యువల్‌లో 360. హాఫ్ ఇయర్లీలో వచ్చింది 352. ఆరు సబ్జెక్టుల్లో కలిపి ఎనిమిది మార్కులు పెరగాలి. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న "యూనిట్ టెస్టులో ఎన్ని" కాదు, "ఈ ఎనిమిది ఎక్కడి నుంచి తెస్తాం" అని. అయితే ఒక మెలిక ఉంది. యాన్యువల్‌కు సిలబస్ ఎక్కువ, హాఫ్ ఇయర్లీ నాటి పాఠాలు కూడా కలిపి అడిగే స్కూళ్లు ఉన్నాయి. అలాంటి చోట ఎనిమిది పెరగడం అంటే ఉన్న 352 నిలబెట్టుకుని ఆపైన ఎనిమిది. తేలికని నేననను.

హాఫ్ ఇయర్లీ జవాబు పత్రాలు ఇంట్లో ఉంటే తీయండి. వీళ్లింట్లో మ్యాథ్స్, సైన్స్ పేపర్లు దొరికాయి. మ్యాథ్స్‌లో పోయిన 28 మార్కుల్లో త్రిభుజాల పాఠంలో రెండు పెద్ద ప్రశ్నలు ముట్టుకోనే లేదు. రెండు త్రిభుజాలు సర్వసమానమని నిరూపించేవి. అవి ఇప్పటికిప్పుడు రావు. కానీ బహుపదుల కారణాంకాల దగ్గర మూడు చోట్ల మైనస్ గుర్తు జారిపోయింది, పద్ధతి అంతా సరే, చివరి లైను తప్పు. ఒక చోట గ్రాఫ్ గీసింది కానీ అక్షాలకు స్కేలు రాయలేదు. ఇవి నాలుగైదు మార్కులు, కొత్తగా చదవకుండానే వచ్చేవి. సైన్స్‌లో బొమ్మ గీసి భాగాలు గుర్తించకపోవడం, జవాబు పక్కన ప్రమాణాలు రాయకపోవడం. తెలుగులో 66 తెచ్చుకున్న పిల్లను 70కి లాగడం కంటే ఇక్కడ ఏరుకోవడమే సులువు.

చివరికి 360ని ఇలా పంచుకున్నారు: తెలుగు 66, హిందీ 58, ఇంగ్లిష్ 62, మ్యాథ్స్ 54, సైన్స్ 55, సోషల్ 65. మ్యాథ్స్‌కు మాత్రం కింద ఇంకో గీత కూడా గీయించాను, 60 నిబంధన ఉంది కాబట్టి. యూనిట్ టెస్టులో 17 వచ్చినా మ్యాథ్స్‌లో చేతిలో 32.3 ఉంటాయి, 60కి చేరాలంటే యాన్యువల్‌లో 45 చాలు. అంటే మ్యాథ్స్‌లో 54 అనేది కోరిక, 45 అనేది దాటి తీరాల్సిన గీత. ఈ రెండు అంకెలూ కలిపేసుకుంటేనే పిల్లలకు భయం పట్టుకుంటుంది. 54 రాకపోతే ఆ తేడా సోషల్‌లో పూడ్చుకోవచ్చు, 45 రాకపోతే సోషల్‌లో ఎన్ని వచ్చినా లాభం లేదు.

ఫిబ్రవరిలో నాలుగో యూనిట్ టెస్టు మార్కులు వచ్చాయి. తెలుగు 22, హిందీ 20, ఇంగ్లిష్ 21, మ్యాథ్స్ 17, సైన్స్ 20, సోషల్ 22. మొత్తం 122. ఐదో వంతు 24.4. చేతిలో 225.4, కావాల్సింది 224.6, అంటే మళ్లీ 360కే వచ్చి ఆగింది. ఇక మారేది యాన్యువల్ ఒక్కటే. అందులో 68, 60, 63, 49, 53, 70 వచ్చాయి. చూడండి, మ్యాథ్స్‌లో అనుకున్న 54 రాలేదు, సైన్స్‌లో 55 రాలేదు, సోషల్ మాత్రం ఐదు ఎక్కువ తెచ్చింది. మొత్తం 363. కుదిస్తే 226.875, అన్నీ కలిపి 452.275. మ్యాథ్స్ 62.925తో గీత దాటింది. మ్యాథ్స్ యూనిట్ టెస్టులో 17కు బదులు ఆ పిల్ల పట్టుబట్టి 25 తెచ్చుకున్నా మొత్తంలో 1.6 మాత్రమే పెరిగేది.

అయితే మీ స్కూల్ పద్ధతి వేరైతే ఈ బరువులు తలకిందులవుతాయి, కాబట్టి క్లాస్ టీచర్‌ను మూడు సంగతులు అడిగి తెలుసుకోండి.

ఒకటి, నాలుగు టెస్టులూ కలుపుతారా, నాలుగింట్లో మంచివి మూడే తీసుకుంటారా. మంచివి మూడైతే నాలుగో టెస్టు పని వేరు. అన్నిటికంటే తక్కువ వచ్చిన టెస్టును తీసేసి దాని చోట్లో కూర్చోవడమే దాని పని. మా పిల్లకు మ్యాథ్స్‌లో తక్కువ 14. నాలుగో దాంట్లో 14 లేదా అంతకంటే తక్కువ వస్తే లాభమూ లేదు నష్టమూ లేదు. 20 వస్తే ఆరు మార్కుల పెరుగుదల, 75ని 20కి కుదిస్తే 1.6. అలాంటి స్కూల్లో ఏ సబ్జెక్టులో పాత మార్కు బాగా తక్కువుందో ఆ సబ్జెక్టు యూనిట్ టెస్టుకే చదవడం తెలివి, మిగతావాటికి అంత ఊపిరి సలపకుండా కూర్చోనక్కర్లేదు.

రెండోది, రాయని టెస్టును ఏం చేస్తారు. జ్వరమొచ్చో, జాతర ఏడాది ఇంటిల్లిపాదీ మేడారం పోయో ఒక టెస్టు పోయిందనుకోండి. దాన్ని సున్నాగా వేసి కలిపితే, మామూలుగా 18 తెచ్చుకునే పిల్లకు ఒక్క సబ్జెక్టులోనే ఆ 18 మార్కులు, అంటే చివరి వందలో 3.6 పోతాయి. మిగతా మూడింటి సగటు తీసుకుంటే ఏమీ పోదు. కొన్ని చోట్ల మళ్లీ టెస్టు పెడతారు, అడిగినవాళ్లకే పెడతారు. కార్డులో అంకె ఉండాల్సిన చోట 'ఏబీ' అని ఉంటే కలిపే ముందు ఇది తేల్చుకోండి.

మూడోది దశాంశాలు. ఎక్కడ సవరిస్తారు, ప్రతి పరీక్ష దగ్గరా, చివర్లోనా? మా పిల్ల హాఫ్ ఇయర్లీని సబ్జెక్టువారీగా కుదిస్తే 24.75, 21, 23.25, 19.5, 19.5, 24 వస్తాయి. ఒక్కోదాన్ని అక్కడికక్కడే దగ్గరి పూర్ణాంకానికి మారిస్తే 25, 21, 23, 20, 20, 24, మొత్తం 133. చివర్లో మారిస్తే 132. ఒక మార్కు తేడా ఊరికే వచ్చింది. 449 దగ్గర ఆగిన పిల్లకు ఆ ఒక్కటే అన్నీ. మీరు మాత్రం లెక్క వేసేటప్పుడు చేతిలో ఉన్నదాన్ని ఎప్పుడూ పైకి సవరించుకోవద్దు. కావాల్సిన మార్కు 67.68 అని వస్తే 68 అనుకోవాలి, చేతిలో ఉన్నది 32.7 అయితే 32.7 అనే ఉంచాలి.

మీది సీబీఎస్ఈ స్కూల్ అయితే ఇంకో మాట. అక్కడ తొమ్మిది, పది తరగతులకు యాన్యువల్ 80, ఇంటర్నల్ 20. ఆ ఇరవైలో పీరియాడిక్ టెస్టుల వాటా ఐదే, మిగతా పదిహేను నోటుబుక్కులు, ప్రాజెక్టుల్లాంటి వాటికి. అందుకని అక్కడ ఒక టెస్టు మార్కు బరువు మా పిల్ల స్కూల్ కంటే ఇంకా తక్కువ. పైగా బోర్డు పరీక్షల్లో డిస్టింక్షన్, మొత్తం శాతం తాము ఇవ్వబోమని సీబీఎస్ఈ 2023 డిసెంబరులోనే చెప్పేసింది. తొమ్మిదో తరగతిలో 75 అన్నది మీ స్కూల్ పెట్టుకున్న గీత, కాబట్టి అది ఆరు సబ్జెక్టుల మీదా, ఐదింటి మీదా, కంప్యూటర్, జీకే మార్కులు కలుపుతారా లేదా అన్నది కూడా స్కూల్లోనే అడగాలి. జీకేలో 90లు వచ్చే పిల్లలకు అవి కలుపుతారని లెక్క వేసుకుని చివర్లో దెబ్బతిన్నవాళ్లను చాలామందినే చూశాను.

మీ పాప ఆరు సబ్జెక్టుల మార్కులు, డైరీలో రాసిన పద్ధతి కింద రాయండి. ఆ మూడు వరుసలూ మీ పాపతోనే వేయించండి, నేను సరిచూస్తాను.